పార్ట్‌టైమ్ జాబ్ గ్రూప్‌లో యాడ్ చేశారా? ఎగ్జిట్ కొట్టే ముందు ఇది చదవండి

రివ్యూకి వచ్చే ఫోన్లలో వేయడానికి నా దగ్గర విడిగా ఒక సిమ్ ఉంటుంది. ఆ నంబర్ బ్యాంకుకి ఇవ్వలేదు, ఫ్రెండ్స్‌కి కూడా ఇవ్వలేదు. అయినా దాంట్లో వాట్సాప్ ఆన్ చేసిన కొన్ని రోజులకే ఏదో ఒక గ్రూప్‌లో తేలుతాను. ఒకసారి “హోటల్ రేటింగ్ పార్ట్‌టైమ్”, ఇంకోసారి “ఐపీఓ వీఐపీ టిప్స్”. నంబర్లు వరుసగా జనరేట్ చేసి, వాటిలో వాట్సాప్ ఉన్నవి ఏరి గ్రూప్‌లోకి లాగడం వీళ్లకి పెద్ద పనేం కాదు. కాబట్టి మిమ్మల్ని యాడ్ చేశారంటే మీరు ఎక్కడో నంబర్ లీక్ చేసుకున్నారని కాదు.

ఇలాంటి గ్రూప్ కనపడగానే చాలామంది వెంటనే ఎగ్జిట్ కొట్టి, చాట్ డిలీట్ చేసేస్తారు. ఒక్క రూపాయి కూడా పంపని వాళ్లకి అది ఓకే. డబ్బు పోయిన వాళ్లకి మాత్రం అదే పెద్ద దెబ్బ. ఎందుకో తెలియాలంటే ముందు ఈ స్కామ్ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

150 రూపాయలతో మొదలై...

మా కజిన్ క్లాస్‌మేట్ ఒకబ్బాయి తన చాట్ స్క్రీన్‌షాట్లు నాకు పంపాడు. బీటెక్ ఫైనల్ ఇయర్. వాట్సాప్ గ్రూప్‌లో “హెచ్‌ఆర్” అని ఒకావిడ పరిచయం చేసుకుంది. గూగుల్ మ్యాప్స్‌లో మూడు హోటళ్లకి ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పెడితే ఒక్కోదానికి 50 రూపాయలు. పెట్టాడు, 150 నిజంగానే అకౌంట్‌లో పడ్డాయి. ఆ డబ్బు ఇవ్వడానికే అతన్ని టెలిగ్రామ్‌లో “రిసెప్షనిస్ట్” దగ్గరికి పంపారు. అసలు ఆట అక్కడ మొదలైంది.

టెలిగ్రామ్ గ్రూప్‌లో రోజుకి ఇరవై పైగా టాస్కులు. మధ్యలో “ప్రీపెయిడ్ టాస్క్” అని ఒకటి వస్తుంది. 1,000 కడితే 1,300 వెనక్కి. కట్టాడు, 1,300 వచ్చాయి. గ్రూప్‌లో మిగతావాళ్లు కూడా 30,000 వచ్చింది, 50,000 వచ్చింది అని స్క్రీన్‌షాట్లు కుమ్మరిస్తున్నారు. ఆ తర్వాత వచ్చింది “కాంబినేషన్ టాస్క్”. మూడు విడతలు కలిపి ఒకే టాస్క్, మధ్యలో ఆపితే మొత్తం ఫ్రీజ్ అవుతుంది అన్నారు. మొదటి విడత 5,000. రెండోది 18,000. మూడోది 42,000. ప్రతి విడత మొత్తం ఎంతో ముందు విడత కట్టాకే చెప్పారు.

మూడూ కట్టాక అతని డ్యాష్‌బోర్డులో 91,000 కనపడింది. విత్‌డ్రా నొక్కితే “మీ క్రెడిట్ స్కోర్ 80కి పడిపోయింది, 100 చేయడానికి ఇంకో 30,000 కట్టండి” అని మెసేజ్. అక్కడ ఆగాడు. లెక్క చూస్తే, వాళ్ల నుంచి వచ్చింది 1,450. తను పంపింది 66,000. నికరంగా పోయింది 64,550.

ఆ 30,000 కూడా కట్టి ఉంటే తర్వాత “ట్యాక్స్” అడిగేవాళ్లు, ఆ తర్వాత ఇంకోటి. డ్యాష్‌బోర్డులోని 91,000 అనేది వాళ్ల వెబ్‌పేజీలో వాళ్లే టైప్ చేసిన అంకె, అంతే. దాని వెనక డబ్బు లేదు. గ్రూప్‌లో సంపాదిస్తున్న “మెంబర్లు” చాలామంది ఆ ముఠా నడిపే అకౌంట్లే. ఒక గ్రూప్‌లో అందరూ గంటల లెక్కన లాభాలే చెప్తూ, ఒక్కరు కూడా డౌట్ అడగకపోతే అక్కడ బయటి మనిషి మీరొక్కరే కావచ్చు. డౌట్ అడిగిన వాళ్ల మెసేజ్ అడ్మిన్ డిలీట్ చేసి, మనిషిని తీసేస్తాడు.

ఇంకో సంగతి. ఆ మొదటి 150, 1,300 ఎవరి డబ్బు? చాలాసార్లు అది మరో బాధితుడు పంపిన డబ్బే. అతను కంప్లయింట్ ఇస్తే పోలీసులు ఆ డబ్బు ఏ ఏ అకౌంట్లకి వెళ్లిందో వెతుక్కుంటూ వస్తారు. అప్పుడు మీ అకౌంట్‌లో ఆ మొత్తంపై హోల్డ్ పడొచ్చు, కొన్నిసార్లు అకౌంటే ఫ్రీజ్ కావచ్చు. అందుకే “వాళ్లిచ్చిన 150 తీసుకుని జంప్ అయిపోతా” అనే తెలివి పనికిరాదు.

ఇన్వెస్ట్‌మెంట్ గ్రూప్ అయితే ఇలా పట్టుకోండి

షేర్ల గ్రూప్‌లో ఆట అదే, వేషం వేరు. టాస్కుల బదులు ఒక “ప్రొఫెసర్” టిప్స్, డ్యాష్‌బోర్డు బదులు వాళ్లు పంపిన ట్రేడింగ్ యాప్. ఇక్కడ ఒక టెస్ట్ ఉంది. మీరు నిజంగా షేర్లు కొంటే అవి మీ డీమ్యాట్ అకౌంట్‌లో ఉండాలి. అంటే సీడీఎస్‌ఎల్ లేదా ఎన్‌ఎస్‌డీఎల్ పంపే స్టేట్‌మెంట్‌లో కనపడాలి. వాళ్ల యాప్‌లో మాత్రమే కనపడి, అక్కడ కనపడకపోతే మీరు కొన్నది ఏమీ లేదు.

డబ్బు ఎక్కడికి పంపమంటున్నారో కూడా చూడండి. సెబీ రిజిస్టర్డ్ బ్రోకర్ ఎవరూ ఈరోజు ఒకరి పేరున్న యూపీఐ ఐడీకి, రేపు ఇంకో ట్రేడర్స్ పేరున్న అకౌంట్‌కి పంపమని అడగరు. 2025 అక్టోబర్ నుంచి బ్రోకర్లకి, మ్యూచువల్ ఫండ్లకి `@valid` తో మొదలయ్యే హ్యాండిల్ ఉన్న యూపీఐ ఐడీలు వచ్చాయి. `SEBI Check` అనే టూల్‌లో ఆ ఐడీ గానీ బ్యాంక్ అకౌంట్ గానీ అసలుదో కాదో చూసుకోవచ్చు. పేమెంట్ నొక్కే ముందు ఈ చెక్‌కి ఒక నిమిషం చాలు.

డబ్బు పంపకపోతే: ముందు తలుపు వేయండి

ఎగ్జిట్ కంటే ముందు సెట్టింగ్ మార్చండి. లేదంటే ఈ గ్రూప్‌లోంచి బయటికి రాగానే ఇంకో గ్రూప్‌లో యాడ్ చేస్తారు. వాట్సాప్‌లో `Settings > Privacy > Groups` కి వెళ్లి `My contacts` పెట్టండి. టెలిగ్రామ్‌లో `Settings > Privacy and Security` లో `Invites` ఉంటుంది, పాత వెర్షన్లలో దాని పేరు `Groups & Channels`. అక్కడ కూడా `My Contacts` పెట్టండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. “నా నంబర్ హెచ్‌ఆర్ అని సేవ్ చేసుకోండి” అని వాళ్లు అడుగుతారు. సేవ్ చేశారంటే ఆ నంబర్ మీ కాంటాక్ట్ అయిపోతుంది, ఈ సెట్టింగ్ దానికి అడ్డు పడదు. సేవ్ చేసి ఉంటే తీసేయండి. ఈ సెట్టింగ్ ఉన్నా ఇన్వైట్ లింక్ మాత్రం పర్సనల్ చాట్‌కి పంపగలరు. దాన్ని మీరు నొక్కకపోతే ఏమీ కాదు.

తర్వాత గ్రూప్ పేరు, అడ్మిన్ నంబర్, వాళ్లిచ్చిన లింక్ కనపడేలా రెండు మూడు స్క్రీన్‌షాట్లు తీయండి. అప్పుడు గ్రూప్ ఇన్ఫోలో కింద ఉండే `Report group` నొక్కి బయటికి రండి. రిపోర్ట్ చేసింది మీరని వాళ్లకి తెలియదు. రిపోర్ట్‌తో పాటు ఆ గ్రూప్‌లో మీకు వచ్చిన చివరి ఐదు మెసేజ్‌ల వరకు వాట్సాప్‌కి వెళ్తాయి. వెళ్లిపోయారనే నోటిఫికేషన్ అడ్మిన్లకే వెళ్తుంది, గ్రూప్ మొత్తానికి కాదు. “మీరంతా ఫ్రాడ్” అని చివరి మెసేజ్ పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. దానివల్ల మీ నంబర్‌లో స్పందించే మనిషి ఉన్నాడని వాళ్లకి తెలుస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు.

అవే స్క్రీన్‌షాట్లతో `sancharsaathi.gov.in` లోని చక్షు విభాగంలో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. డబ్బు పోకముందే అనుమానాస్పద కాల్, ఎస్సెమ్మెస్, వాట్సాప్ మెసేజ్‌ల గురించి చెప్పడానికి పెట్టిందే అది. డబ్బు పోయిన కేసులు అక్కడ తీసుకోరు.

డబ్బు పంపేసి ఉంటే: ఎగ్జిట్ ఆఖర్న

ఇక్కడ వరుస పూర్తిగా మారిపోతుంది. మొదటి పని 1930కి కాల్. మీరు పంపిన డబ్బు అద్దెకి తీసుకున్న ఒక అకౌంట్‌లో పడి, అక్కడి నుంచి చాలా అకౌంట్లకి చీలిపోయి, ఏటీఎం దగ్గరో క్రిప్టోగానో బయటికి పోతుంది. అలా పోయేలోపు మధ్యలో ఎక్కడైనా మిగిలి ఉంటేనే బ్యాంకులు దాన్ని ఆపగలవు. అందుకే రేపు చూద్దాం అనుకోవద్దు.

కాల్‌కి ముందు ఇవి రెడీగా పెట్టుకోండి: మీ బ్యాంక్ పేరు, అకౌంట్ నంబర్, ప్రతి పేమెంట్ తేదీ, టైమ్, మొత్తం, మీరు పంపిన యూపీఐ ఐడీ, 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్. ఆ అబ్బాయి కేసులో నాలుగు పేమెంట్లు, నాలుగు వేర్వేరు యూపీఐ ఐడీలు. నాలుగూ చెప్పాలి, ఎందుకంటే ఒక్కో అకౌంట్ వెనక డబ్బు దారి వేరు. చిన్నదే కదా అని 1,000 వదిలేయొద్దు. మీకు వచ్చిన 1,450 సంగతి కూడా దాచకుండా చెప్పండి. 1930 కలవకపోతే నేరుగా `cybercrime.gov.in` లో ఫైనాన్షియల్ ఫ్రాడ్ కింద పెట్టండి. మీ బ్యాంకు ఫ్రాడ్ హెల్ప్‌లైన్‌కి కూడా చెప్పండి. వచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ జాగ్రత్త, తర్వాత ప్రతిచోటా అదే అడుగుతారు.

రెండోది సాక్ష్యం. టెలిగ్రామ్ పర్సనల్ చాట్‌లో అవతలి మనిషి మొత్తం సంభాషణని మీ ఫోన్లోంచి కూడా డిలీట్ చేయగలడు. మీకు విషయం తెలిసిపోయిందని వాళ్లకి అర్థమైతే నిమిషాల్లో చాట్ మాయం. కాబట్టి ముందు స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి చాట్ పైనుంచి కిందికి స్క్రోల్ చేయండి. డిస్‌ప్లే నేమ్ ఎప్పుడైనా మార్చేస్తారు, అందుకే ప్రొఫైల్ తెరిచి `@username` కూడా కనపడేలా తీయండి. ల్యాప్‌టాప్ ఉంటే టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో `Export chat history` ఉంది. వాట్సాప్‌లో `Export chat` తో చాట్ మొత్తం ఫైల్‌గా దాచుకోవచ్చు. వాళ్ల ట్రేడింగ్ యాప్ ఏపీకే వేసుకుని ఉంటే దాంట్లోని బ్యాలెన్స్ పేజీ, డిపాజిట్ హిస్టరీ స్క్రీన్‌షాట్లు తీశాకే అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

ఇవన్నీ అయ్యాకే రిపోర్ట్, బ్లాక్, ఎగ్జిట్.

పోయిన డబ్బంతా వస్తుందని నేను చెప్పలేను. బ్యాంకుల్లో ఆగిన మొత్తమే తిరిగొచ్చే అవకాశం ఉంది, దానికీ కోర్టు ఆర్డర్ కావాల్సి రావచ్చు. తెలంగాణలో అలా ఆగిన డబ్బుని లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకి ఇప్పిస్తున్నారు. ఈలోపు “మీ డబ్బు రికవరీ చేసి పెడతాం, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి” అని ఎవరో ఒకరు మెసేజ్ పెడతారు. పోగొట్టుకున్న వాళ్ల లిస్టు ఆ ముఠాల దగ్గరే ఉంటుంది కదా. 1930కి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌కి ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు. ఫీజు అడిగిన ఆ నంబర్‌ని కూడా మీ కంప్లయింట్‌కి కలిపేయండి.