జర్మనీలో కామా చెల్లని ఫార్ములా

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న అక్క ఖర్చుల పట్టికకి హైదరాబాద్ నుంచి తమ్ముడు వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ ఫార్ములా పంపాడనుకుందాం. వెయ్యి లేదా అంతకు మించిన మొత్తం మీద ఐదు శాతం లెక్కకట్టడం దాని పని.

```
=IF(B2>=1000,B2*0.05,0)
```

ఇక్కడ చక్కగా పనిచేసే ఈ ఫార్ములాని అక్క తన కంప్యూటర్లో పేస్ట్ చేస్తే తప్పుందని ఎక్సెల్ మొరాయిస్తుంది. జర్మనీలో దశాంశాన్ని చుక్కతో కాదు, కామాతో రాస్తారు. మన 0.05 వాళ్లకి 0,05. కామా ఆ పనిలో ఉంది కాబట్టి ఫార్ములాలోని భాగాలను విడదీసే పని సెమీకోలన్‌కి వచ్చింది. అక్క టైప్ చేయాల్సింది ఇది:

```
=IF(B2>=1000;B2*0,05;0)
```

ఆమె ఎక్సెల్ కూడా జర్మన్ భాషలోనే ఉంటే IF బదులు WENN అని రాయాలి. గుర్తులు విండోస్‌లోని రీజియన్ సెట్టింగ్‌ని బట్టి, ఫంక్షన్ పేర్లు ఆఫీస్ భాషని బట్టి మారతాయి. రెండూ వేర్వేరు. మీ కంప్యూటర్ ఏ గుర్తు అడుగుతుందో తెలియాలంటే ఖాళీ గడిలో `=SUM(` అని కొట్టి, కింద వచ్చే సూచనలో number1 తర్వాత ఏముందో చూడండి.

ఎర్రర్ వస్తే నయమే, కనీసం తప్పు తెలుస్తుంది. అసలు భయపడాల్సింది ఎర్రర్ రానప్పుడు. `=SUM(10,5)` మన దగ్గర 15. జర్మన్ సెట్టింగ్‌లో అది పదిన్నర అనే ఒకే సంఖ్య, కాబట్టి జవాబు 10,5. ఏ హెచ్చరికా ఉండదు.

తమ్ముడు మెసేజ్‌లో కాకుండా ఎక్సెల్ ఫైలే పంపి ఉంటే ఈ గొడవే లేదు. తెర మీద ఎలా కనిపించినా, xlsx ఫైలు లోపల ఫార్ములా ఎప్పుడూ ఇంగ్లిష్ పేర్లతో, చుక్క దశాంశంతో, కామాలతోనే సేవ్ అవుతుంది. తెరిచినప్పుడు ఆ కంప్యూటర్‌కి తగ్గట్టు ఎక్సెల్ మార్చి చూపిస్తుంది. అందుకే ఒక్క ఫార్ములా పంపాలన్నా, దాన్ని ఒక గడిలో పెట్టి ఫైలుగా పంపడం మేలు.

అయితే ఎక్సెల్ కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదాన్ని ముట్టుకోదు. `TEXT(A2,"dd-mm-yyyy")` అని ఉంటే, బయటి కామాని సెమీకోలన్‌గా మారుస్తుంది గానీ లోపలి yyyy ని అలాగే వదిలేస్తుంది. జర్మన్ సెట్టింగ్‌లో సంవత్సరానికి J, రోజుకి T వాడతారు కాబట్టి తేదీ సరిగా రాదు. "0.00" అని రాసినా ఇదే తంతు, అక్కడ చుక్క అంటే వేలని విడదీసే గుర్తు. అందుకే వేరే దేశానికి వెళ్లే ఫైల్లో TEXT జోలికి పోకుండా, తేదీని తేదీగానే ఉంచి గడికి ఫార్మాట్ పెట్టాలి. ఆ గడి ఫార్మాట్‌ని మాత్రం ఎక్సెల్ అక్కడి పద్ధతికి తానే మార్చుకుంటుంది.