సంకేతపదాల గడువు విధానం

సంకేతపదాల గడువు విధానం అనగా వాడుకరులు తమ సంకేతపదాన్ని, అనగా పాస్‌వర్డును, 60 లేదా 90 రోజులకొకసారి తప్పనిసరిగా మార్చుకోవాలనే నియమం. దొంగిలించబడిన సంకేతపదం కొద్దికాలానికే నిరుపయోగమవుతుందన్నది దీని ఉద్దేశ్యం.

ఆచరణలో ఈ ఉద్దేశ్యం నెరవేరలేదు. తరచూ మార్చవలసి వచ్చినపుడు చాలామంది పాతదానినే కొద్దిగా సవరిస్తారు. ఉదాహరణకు `Godavari#1` గడువు తీరగానే `Godavari#2` అవుతుంది. పాతది తెలిసిన దొంగకు కొత్తదానిని ఊహించడం కష్టం కాదు. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు, మూడు నెలలకొకసారి మార్చవలసివచ్చిన పాత ఖాతాల సంకేతపదాలను పరిశీలించి, 2010లో ఫలితాలను ప్రకటించారు. ముందరి సంకేతపదం తెలిస్తే, సుమారు 17 శాతం ఖాతాలలో తరువాతిదానిని ఐదు ప్రయత్నాలలోపే కనుగొనవచ్చునని తేలింది.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఈ నియమం వద్దని సూచించి, 2025 నాటి సవరణలో దానిని పూర్తిగా నిషేధించింది. ఈ సవరణ ప్రకారం, సంకేతపదం ఒక్కటే ఆధారమైనచోట అందులో కనీసం 15 అక్షరాలుండాలి. రెండవ ధ్రువీకరణ కూడా ఉన్నచోట 8 చాలును. అంకెలు, చిహ్నాలు కలపాలని నిర్బంధించరాదు. కొత్త సంకేతపదాన్ని ఇదివరకే బయటపడినవాటి జాబితాతో పోల్చి, అందులో ఉంటే తిరస్కరించాలి. సంకేతపదం ఇతరుల చేతికి చిక్కినట్లు ఆధారం లభిస్తే మాత్రం దానిని తప్పక మార్పించాలి.