మచ్చలేని చర్మం అని రాయకండి

లిప్‌స్టిక్ ప్రచారానికి ఏఐతో ఫొటో చేయించేటప్పుడు చాలామంది ఇచ్చే వర్ణన ఇది: అందమైన యువతి, మచ్చలేని మెరిసే చర్మం, ఎర్రని లిప్‌స్టిక్, స్టూడియో లైటింగ్. వచ్చేది బట్టల షాపు ముందు నిలబెట్టే బొమ్మ మొహం. తప్పు సాఫ్ట్‌వేర్‌దే అనుకుంటాం. కానీ మచ్చలేని అన్న ఒక్క మాటతో రంధ్రాలూ, నూగూ, రంగు తేడాలూ అన్నీ తుడిచెయ్యమన్నది మనమే.

చర్మం మీద పడ్డ వెలుగులో కొంత పైనున్న జిడ్డు మీంచి తిరిగొస్తుంది. మిగతాది లోపలికి దిగి, చెదిరి, కాస్త ఎరుపు కలుపుకుని బయటికొస్తుంది. టార్చిలైటు మీద వేలు పెడితే ఎర్రగా కనిపించేది అందుకే. ప్లాస్టిక్ మొహంలో ఈ రెండోది ఉండదు. ఒంటి నిండా ఒకే మెరుపు, ఒకే రంగు.

అందుకని ముందు వెలుగు ఎక్కడినుంచి వస్తోందో రాయాలి. పై వర్ణననే ఇలా మారుద్దాం: 'ముప్పై దాటిన చామనచాయ మహిళ. ఎడమవైపు కిటికీలోంచి ఉదయపు వెలుగు, కుడి చెంప నీడలో. ముక్కు మీద, ముక్కు పక్కన రంధ్రాలు కనిపిస్తున్నాయి, కళ్ల కింద చర్మం పలుచగా ఉంది. పై పెదవి మీద సన్నని నూగు. నోటి చుట్టూ చర్మం కొంచెం ముదురు రంగు. ఫౌండేషన్ పలుచగా, ముక్కు పక్కన కాస్త చెదిరింది.'

ఇక పెదాలు. వాటి మీద నిలువు గీతలుంటాయి. మ్యాట్ లిప్‌స్టిక్ అయితే ఆ గీతల్లో రంగు చేరుతుంది, మెరుపు దాదాపు ఉండదు. గ్లాస్ అయితే కింది పెదవి మధ్యలో మెరుపు పడుతుంది, అదీ గీతల దగ్గర తునకలుగా విరిగి. అద్దంలాంటి ఒకే తెల్లటి చార కనిపిస్తే అది పెదవి కాదు.

ప్లాస్టిక్‌లా వద్దు అని రాయడం వల్ల పెద్దగా ఫలితముండదు. ఆ మాటే బొమ్మలోకి చొరబడే ప్రమాదమూ ఉంది. ఏం వద్దో కాదు, ఏం ఉండాలో చెప్పాలి. రంధ్రాలని నాలుగుసార్లు రాస్తే మాత్రం మొహం కమలాపండు తొక్కలా తయారవుతుంది.

ఫొటో వచ్చాక పూర్తి సైజుకి పెంచి చూడండి. కనురెప్ప మీదా, ముక్కు మీదా, నుదుటి మీదా ఒకే తీరు చర్మం ఉందంటే అది నకిలీ. రెండు కళ్లలో కిటికీ మెరుపు ఎడమవైపే ఉండాలి. కింది పెదవి మీది మెరుపు కూడా అటే ఒరగాలి.

షేడ్‌ని మాత్రం మాటలకు వదలకండి. ఎంత బాగా వర్ణించినా మీ ట్యూబులోని అసలు ఎరుపు రాదు. లిప్‌స్టిక్‌ని ముంజేతి మీద గీసి, అదే ఉదయపు వెలుగులో ఫొటో తీసి, పెదాల రంగుని దానితో పోల్చి చేత్తో సరిచెయ్యండి. కొనేవాళ్లు డబ్బులిచ్చేది ఆ రంగుకే.