బలం ఉన్నా సాగని రాడ్డు

‘మీరు దింపిన ఎఫ్‌ఈ 500డి రకం 16 ఎంఎం రాడ్లలో ఈ హీట్ నంబరు ఉన్న కట్టలన్నిటినీ తిరస్కరిస్తున్నాం. సాగుదల కనీసం 16 శాతం ఉండాలి, 10 శాతమే వచ్చింది. తెగిన చోట రాడ్డు సన్నబడలేదు.’ సైట్ సూపర్‌వైజర్ కాంట్రాక్టర్‌కు ఇలాంటి లేఖ రాస్తే వెంటనే వచ్చే జవాబు ఒకటుంది: ‘బలం ఎక్కువే వచ్చింది కదా సార్, ఎందుకు వెనక్కి పంపడం?’

ఒక ఉదాహరణతో చూద్దాం. ల్యాబులో రాడ్డు మీద 80 మిల్లీమీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి, తెగేదాకా లాగుతారు. తర్వాత ముక్కలు రెండూ కలిపి గుర్తుల మధ్య దూరం కొలుస్తారు. 88 వచ్చిందంటే సాగుదల 10 శాతం. ఈ రకానికి దాదాపు 93 రావాలి. లాగుడు బలం మాత్రం 640 మెగాపాస్కల్స్ వచ్చింది. కావలసింది 565. కాంట్రాక్టర్ చూపించేది ఈ అంకెనే.

కానీ భూకంపమో, మోయలేని బరువో వచ్చినప్పుడు స్లాబు, దూలం కూలేముందు వంగాలి, పగుళ్లు చూపాలి. లోపలి రాడ్డు సాగితేనే అది జరుగుతుంది. సాగని రాడ్డు ముందస్తు హెచ్చరిక లేకుండా తెగిపోతుంది.

తెగిన కొస కూడా సాక్ష్యమే. మంచి రాడ్డు తెగేముందు మెడలా సన్నబడుతుంది. ఒక ముక్క కొస గిన్నెలా గుంటగా, రెండోది దానికి సరిపడేలా ఉబ్బుగా, మసక బూడిద రంగులో ఉంటుంది. ఇక్కడ కొస కోసినట్టు చదునుగా, గరుకు పలుకులతో మెరుస్తోంది. కార్బన్, భాస్వరం మోతాదు మించినా, లోపల మలినాలు ఉన్నా, నీళ్లతో చల్లార్చడం తేడాపడినా ఇలా జరగవచ్చు. ఏది కారణమో రసాయన పరీక్షే చెప్పాలి. లేఖలో ‘తుక్కు ఇనుముతో చేశారు’ అని రాయకూడదు. కంటికి కనిపించింది, కొలతలో తేలింది మాత్రమే రాయాలి.

కాంట్రాక్టర్‌కు న్యాయం కూడా జరగాలి. యంత్రం పట్టు దగ్గర రాడ్డు తెగితే సాగుదల తక్కువగా కనబడవచ్చు. అందుకే ఎక్కడ తెగిందో ముందు చూడాలి. ఐఎస్ 1786 ప్రకారం ఒక ముక్క తప్పితే అదే లాటు నుంచి మరో రెండు నమూనాలు తీస్తారు. రెండూ నెగ్గితే సరుకు తీసుకోవచ్చు. ఒక్కటి తప్పినా లాటు మొత్తం పోయినట్టే. మన ఉదాహరణలో రెండోసారి ఒకటి 17 శాతం, ఇంకొకటి 11 శాతం ఇచ్చాయి. సగటు తీసి లెక్క సర్దడానికి వీల్లేదు.

ఆ తర్వాతే తిరస్కరణ లేఖ. అందులో హీట్ నంబరు, బరువు, రెండు విడతల ఫలితాలు, తెగిన కొసల ఫొటోలు, సరుకు తీసుకెళ్లాల్సిన గడువు ఉండాలి. తిరస్కరించిన కట్టలకు ఎర్ర రంగు పూసి విడిగా పేర్చాలి, లేదంటే మర్నాటికి మంచి సరుకులో కలిసిపోతాయి. ఈ రాడ్లు ఇప్పటికే ఏ పిల్లర్లలో కట్టారో కాంట్రాక్టర్ రాసివ్వాలని, అవి విప్పేదాకా అక్కడ కాంక్రీటు పోయకూడదని కూడా అదే లేఖలో చెప్పాలి.