పులుపు నీటిలో నైట్రోజన్ జాడ

ఉత్తర కాలిఫోర్నియాలోని ఐరన్ మౌంటెన్ కొండలో రిచ్‌మండ్ గని ఉంది. తవ్వకాలు ఎప్పుడో ఆగిపోయాయి కానీ, లోపలి పైరైట్ రాయి గాలికీ నీటికీ ఇంకా కరుగుతూనే ఉంది. అక్కడి నీటి పీహెచ్ 1 కంటే తక్కువ, వేడి 40 డిగ్రీల పైమాటే. అలాంటి నీటి మీద గులాబీ రంగు పొర ఒకటి తేలుతుంటుంది. అదంతా సూక్ష్మజీవుల గుంపు. ఇనుము నుంచే అవి శక్తి తీసుకుంటాయి.

శక్తి సంగతి సరే, మరి ప్రొటీన్లకు నైట్రోజన్? గాలిలోని నైట్రోజన్‌ను పట్టి అందరికీ అందించే జీవి ఆ గుంపులో ఒకటైనా ఉండాలి. అదేదో తేల్చాలంటే పాత పద్ధతిలో ఒక్కోదాన్నీ విడిగా పెంచి చూడాలి. చాలా సూక్ష్మజీవులు ప్రయోగశాలలో పెరగవు. వాటికి ఏ తిండి, ఎవరి తోడు కావాలో మనకు తెలియకపోవడమే ఇందుకు ముఖ్య కారణం.

జిలియన్ బాన్‌ఫీల్డ్ బృందం పెంచే పనిని పక్కన పెట్టి, పొరను పొరగానే తీసుకుంది. కణాలన్నిటినీ పగలగొట్టి డీఎన్‌ఏ మొత్తాన్ని కలగలుపుగా తీసి, ముక్కలు చేసి చదివింది. సుమారు 7.6 కోట్ల అక్షరాలు వచ్చాయి. చివర్లు కలిసిన ముక్కలను కంప్యూటర్ అతికించింది.

అసలు చిక్కు ఆ తర్వాతే: ఏ ముక్క ఎవరిది? ఇందుకు రెండు ఆనవాళ్లు పనికొచ్చాయి. డీఎన్‌ఏలో జి, సి అక్షరాల పాలు ఒక్కో జీవిలో ఒక్కోలా ఉంటుంది. పైగా గుంపులో ఎక్కువగా ఉన్న జీవి ముక్కలు పదేపదే కనబడతాయి, అరుదైన దానివి రెండు మూడుసార్లే. ఈ లెక్కతో రెండు జీవుల జన్యుపటాలు దాదాపు పూర్తిగా బయటపడ్డాయి. 2004లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

మట్టిలో ఇంత సులువు కాదు. ఈ పొరలో ప్రధాన జాతులు నాలుగైదే. చిటికెడు మట్టిలో వేల జాతులుంటాయి కాబట్టి ఒకదాని ముక్క మరొకదానికి అతుక్కుపోతుంది. ఒక్కో బాక్టీరియాలో ఒకే ప్రతి ఉండాల్సిన జన్యువు రెండుసార్లు కనబడితే, రెండు జీవులు కలిసిపోయాయేమోనని అనుమానించాలి.

గనిలో నైట్రోజన్ పట్టే జన్యువులు సంఖ్యలో ముందున్న జీవుల్లో కనబడలేదు. లెప్టోస్పిరిల్లం మూడో వర్గమనే చిన్న గుంపులో దొరికాయి. జన్యువు ఉందంటే ఆ పని చేయగలదన్న ఆచూకీ మాత్రమే, రుజువు కాదు. అందుకే ఇనుము వేసి, నైట్రోజన్ లవణాలేవీ కలపని ద్రావణంలో గని నమూనాను పెంచారు. గాలి నుంచి నైట్రోజన్ తీసుకోగలిగినదే అందులో బతకాలి. అదే బతికింది. 2005లో దానికి లెప్టోస్పిరిల్లం ఫెర్రోడయాజోట్రోఫం అని పేరు పెట్టారు.