ఇండియాలో చూపించని అద్దె: అప్‌డేటెడ్ రిటర్న్‌తో సరిచేసుకోవడం ఎలా?

ఇండియాలో ఫ్లాట్ అద్దెకిచ్చి, ఆ అద్దెను రిటర్న్‌లో చూపించని మిత్రులు నన్ను తరచు అడుగుతుంటారు, "గడువు దాటిపోయింది కదండీ, ఇప్పుడేం చేయాలి?" అని. దీనికి అప్‌డేటెడ్ రిటర్న్ (ITR-U) అనే దారి ఉంది. 2022లో రెండేళ్ల గడువుతో వచ్చింది, 2025లో దాన్ని నాలుగేళ్లు చేశారు. అసలు రిటర్నే వేయనివారు కూడా వాడుకోవచ్చు.

ఉదాహరణకు, 2023-24లో వచ్చిన అద్దె చూపలేదనుకుందాం. దానిపై పన్ను 40,000, వడ్డీ 10,000, వెరసి 50,000 రూపాయలు. ఈ మొత్తం మీద అదనపు పన్ను పడుతుంది. 2026 మార్చి 31లోగా వేస్తే 25 శాతం, అంటే 12,500. 2027 మార్చి 31లోగా అయితే 50 శాతం, 25,000. ఆపై ఏడాది 60, చివరి ఏడాది 70 శాతం. 2029 మార్చి 31తో గడువు ముగుస్తుంది. ఈలోగా వడ్డీ నెలనెలా పెరుగుతుంది కాబట్టి అసలు భారం ఇంకా ఎక్కువే.

డబ్బంతా ముందు కట్టి, ఆ చలాన్ వివరాలతోనే రిటర్న్ వేయాలి. ఒక సంవత్సరానికి ఒక్కసారే వేయగలం. అందుకని ఆ ఏడాది బ్యాంకు వడ్డీ, స్థలం అమ్మకం వంటివి ఇంకేమైనా మిగిలాయేమో పోర్టల్‌లో AIS తెరిచి చూసుకోండి.

ఒక్క మాట. బ్యాంకు ఎక్కువగా కోసుకున్న టీడీఎస్‌ను వెనక్కి రాబట్టుకోవడానికి ఈ రిటర్న్ పనికిరాదు.