ప్రతిబల–వికృతి రేఖలో వాలు ఎక్కడ తప్పుతుంది

పదార్థాల బలం పేపర్లో తరచూ కనిపించే ప్రశ్న ఒకటుంది. ఒక లోహపు కడ్డీని తెగేదాకా లాగిన పరీక్ష గ్రాఫ్ అచ్చువేసి, యంగ్ గుణకం ఎంత, ఈల్డ్ ప్రతిబలం ఎంత అని అడుగుతారు. రెండు జవాబులూ ఒకే రేఖ నుంచి వస్తాయి కాబట్టి రెండింటినీ ఒకే జాగ్రత్తతో చదివితే చాలనిపిస్తుంది. నిజానికి ఈల్డ్ ప్రతిబలం చిన్న పొరపాట్లను చాలావరకు తట్టుకుంటుంది, గుణకం తట్టుకోదు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే ఒక లెక్కను చివరిదాకా చేసి చూడాలి.

అల్యూమినియం మిశ్రలోహపు గుండ్రటి నమూనా ఒకటి తీసుకుందాం. వ్యాసం 10 మి.మీ., గేజ్ పొడవు 50 మి.మీ. అడ్డుకోత వైశాల్యం 78.5 చదరపు మి.మీ. భారాన్ని ఈ తొలి వైశాల్యంతో భాగిస్తే ప్రతిబలం, సాగుదలను తొలి పొడవుతో భాగిస్తే వికృతి వస్తాయి. రేఖ మీద చదివిన విలువలు ఇవి: వికృతి 0.1 శాతం దగ్గర ప్రతిబలం 70 మెగాపాస్కల్, 0.2 దగ్గర 140, 0.3 దగ్గర 210. అక్కడిదాకా రేఖ తిన్నగా ఉంది. తర్వాత వంగడం మొదలై 0.4 శాతం దగ్గర 262, 0.5 దగ్గర 280, 0.6 దగ్గర 288, 0.8 దగ్గర 298 ఉన్నాయి. నమూనా 12 శాతం వికృతి దగ్గర తెగింది.

మొదటి చిక్కు గ్రాఫ్ గీసిన తీరులోనే ఉంది. 12 శాతాన్నీ 12 సెంటీమీటర్ల అడ్డం అక్షం మీద పరిస్తే, తిన్నటి భాగానికి దక్కేది మూడు మిల్లీమీటర్లు మాత్రమే. అది నిలువు అక్షానికి దాదాపు అతుక్కుపోయినట్టు కనిపిస్తుంది. అక్కడ పెన్సిల్ అర మిల్లీమీటరు జరిగినా గుణకంలో సుమారు ఆరోవంతు తప్పు వస్తుంది. అందుకే మంచి ప్రశ్నల్లో అదే రేఖ మొదటి భాగాన్ని పెద్దది చేసి, అడ్డం అక్షానికి రెండో కొలమానం ఇచ్చి, మరోసారి గీస్తారు. పెద్దది చేసిన రేఖను పై కొలమానంతోనో కింది కొలమానంతోనో చదవాలన్నది ముందే తేల్చుకోవాలి. ఇవి తారుమారైతే గుణకం ఏకంగా పదిరెట్లు మారిపోవచ్చు. అక్షం మీద శాతాలుంటే భాగించే ముందు వాటిని వందతో భాగించడం కూడా ఇక్కడే మరిచిపోతుంటారు.

ఇక వాలు సంగతి. తిన్నటి భాగంలో దూరదూరంగా ఉన్న రెండు బిందువులు తీసుకుంటే గుణకం (210 − 70) ÷ (0.003 − 0.001), అంటే 70,000 మెగాపాస్కల్, మరోలా చెబితే 70 గిగాపాస్కల్. మూలబిందువును ఒక బిందువుగా వాడుకోకపోవడానికి గట్టి కారణం ఉంది. అసలు పరీక్షలో నమూనా యంత్రపు దవడల్లో సర్దుకునేంతవరకు భారం పెద్దగా పెరగకుండానే కదలిక నమోదవుతుంది. అందువల్ల రేఖ మొదట్లో నేలబారుగా వంగి, ఆ తర్వాతే తిన్నగా లేస్తుంది. ఆ సర్దుబాటు 0.05 శాతం ఉందనుకోండి. 140 మెగాపాస్కల్ బిందువు 0.2 దగ్గర కాక 0.25 శాతం దగ్గర కనిపిస్తుంది. దాన్ని మూలబిందువుతో కలిపితే 140 ÷ 0.0025, అంటే 56 గిగాపాస్కల్ వస్తుంది. ఇది అసలు విలువ కంటే 20 శాతం తక్కువ. తిన్నటి భాగాన్ని వెనక్కి పొడిగించి అది అడ్డం అక్షాన్ని తాకిన చోటును అసలు సున్నాగా తీసుకుంటే ఈ తప్పు పోతుంది.

ఈల్డ్ దగ్గరికి వస్తే, ఈ రేఖలో ఇదీ అని చూపించగల మలుపు లేదు. అందుకే 0.2 శాతం ప్రూఫ్ ప్రతిబలం వాడతారు. అసలు సున్నా నుంచి 0.2 శాతం కుడికి జరిగి, తిన్నటి భాగానికి సమాంతరంగా గీత గీసి, అది రేఖను తాకే చోట ప్రతిబలం చదువుతారు. ఆ గీత సమాంతరంగానే ఎందుకుండాలంటే, భారం తీసేసినప్పుడు లోహం దాదాపు ఆ వాలు వెంటే కిందికి దిగుతుంది. ఆ గీత రేఖను తాకిన చోట భారం తీసేస్తే 0.2 శాతం సాగుదల శాశ్వతంగా మిగిలిపోతుందని దాని అర్థం. మన లెక్కలో గీత సమీకరణం 70,000 × (వికృతి − 0.002). 0.6 శాతం దగ్గర గీత 280, రేఖ 288. గీత ఇంకా కిందే ఉంది. 0.62 దగ్గర గీత 294కు చేరి రేఖను దాటిపోయింది. రెండూ కలిసేది 0.613 శాతం దగ్గర, సుమారు 289 మెగాపాస్కల్ వద్ద.

ఇప్పుడు ఇందాకటి తప్పును ఇందులోకి తెచ్చి చూద్దాం. అసలు సున్నాను సరిచేయకుండా, 56 గిగాపాస్కల్ తప్పుడు వాలుతోనే సమాంతర గీత గీస్తే జవాబు సుమారు 292 వస్తుంది. వాలు సరిగా తీసుకుని సున్నాను మాత్రం సరిచేయడం మరిచిపోతే 285. గుణకంలో 20 శాతం పోయినచోట ఈల్డ్ విలువలో ఒక శాతం, ఒకటిన్నర శాతం మాత్రమే తేడా పడింది. గీత రేఖను తాకే చోట రేఖ దాదాపు అడ్డంగా పరుచుకుని ఉండటమే దీనికి కారణం. గీత కాస్త అటూ ఇటూ జరిగినా, ఎత్తు పెద్దగా మారదు. కనుక ఈల్డ్ జవాబు పుస్తకంతో సరిపోయిందని గుణకం కూడా సరైనదేనని నమ్మడానికి ఆధారం లేదు.

మైల్డ్ స్టీల్ రేఖ మరో రకం. అందులో ప్రతిబలం ఒక శిఖరానికి చేరి, చటుక్కున పడి, కొంతదూరం చిన్న ఎగుడుదిగుడులతో అడ్డంగా సాగుతుంది. ఉక్కులోని కార్బన్, నైట్రోజన్ పరమాణువులు డిస్లొకేషన్ల చుట్టూ చేరి వాటిని పట్టి ఉంచుతాయి. ఆ పట్టు తెగడానికి ఎక్కువ బలం కావాలి, తెగాక కదలికకు తక్కువ చాలు. శిఖరం ఎగువ ఈల్డ్ పాయింట్. అది భారం పెంచే వేగాన్ని బట్టీ, నమూనా నిటారుగా బిగిసిందా లేదా అన్నదాన్ని బట్టీ మారుతుంది. అడ్డంగా సాగే భాగంలో అతి తక్కువ విలువ దిగువ ఈల్డ్ పాయింట్. శిఖరం నుంచి పడిన వెంటనే కనిపించే క్షణికమైన తొలి గుంటను మాత్రం లెక్కలోకి తీసుకోరు. ప్రశ్నలో ఏది కావాలో చెప్పకపోతే, తాను చదివింది ఏదో జవాబులో రాయడం విద్యార్థి బాధ్యత.

కాలేజీ ల్యాబ్‌లో సొంతంగా గీసిన గ్రాఫ్ అయితే మరొకటి చూసుకోవాలి. సాగుదలను నమూనాకు బిగించిన ఎక్స్‌టెన్సోమీటరుతో కొలిచారా, యంత్రం క్రాస్‌హెడ్ కదలికను తీసుకున్నారా? మన నమూనాలో 140 మెగాపాస్కల్ అంటే దాదాపు 11 కిలోన్యూటన్ల భారం. గేజ్ పొడవు అసలు సాగేది 0.1 మి.మీ. మాత్రమే. అదే భారానికి యంత్రపు చట్రం, దవడలు, నమూనా చివర్లు కలిసి మరో 0.1 మి.మీ. సాగాయనుకుంటే, క్రాస్‌హెడ్ లెక్క ప్రకారం గుణకం సరిగ్గా సగానికి, 35 గిగాపాస్కల్‌కు పడిపోతుంది. చిత్రం ఏమిటంటే, ఆ గ్రాఫ్ మీద కూడా ప్రూఫ్ ప్రతిబలం దాదాపు 289 దగ్గరే వస్తుంది. యంత్రపు సాగుదల కూడా భారంతో పాటే పెరిగి, భారంతో పాటే తగ్గేది. అది రేఖలోనూ సమాంతర గీతలోనూ సమానంగా చేరి రద్దయిపోతుంది.

తప్పును పట్టుకోవడానికి ఒక దారి ఉంది. గుణకం పరమాణువుల మధ్య బంధాల బిగువును బట్టి ఉంటుంది కాబట్టి మిశ్రమంలోని కొద్దిపాటి లోహాలతోనో, వేడిచేసి చల్లార్చడంతోనో పెద్దగా మారదు. సాధారణ అల్యూమినియం మిశ్రలోహాలకు 70 గిగాపాస్కల్ చుట్టుపక్కల, మైల్డ్ స్టీల్‌కూ టీఎంటీ కడ్డీకీ 200 చుట్టుపక్కల రావాలి. ఈల్డ్ విలువకు ఇలాంటి కొండగుర్తు లేదు. ఒకే మిశ్రలోహాన్ని గట్టిపరిచే తీరును బట్టి అది కొన్ని రెట్లు మారవచ్చు. అల్యూమినియం రేఖ నుంచి 35 వస్తే సాగుదల ఎక్కడ కొలిచారో చూడాలి, 56 వస్తే గీతను వెనక్కి పొడిగించి సున్నా ఎక్కడుందో చూడాలి, 7 వస్తే కొలమానం ఏదో మళ్లీ చదవాలి.